రెండో నంబరు

అమ్మ పోయాక ఇంద్రేశంలోని అద్దె ఇంట్లో నేనొక్కదాన్నే మిగిలాను. ఆ ఏడే బట్టలుతికే మిషన్ కూడా మొరాయించింది. మందుల ఫ్యాక్టరీ ల్యాబులో రోజంతా నిలబడి వచ్చి బట్టలు పిండితే మణికట్లు పీకేవి.

పటాన్‌చెరులో ఒక చిన్న షాపుకు వెళ్ళి కొత్త మిషన్ గురించి అడిగాను. షాపాయన దాపరికం లేని మనిషి. "పెట్టె ఇప్పినంక వాపస్ తీస్కోను మేడం. ఖరాబైతే కంపెనీ మనిషొచ్చి సూస్తడు. ఫిట్టింగ్‌కు గూడ ఆయనే వస్తడు. ఆయన రాకుంటే మాత్రం నేను ఎంటవడ్త."

ఆన్‌లైన్‌లో ధర కొంచెం తక్కువ. పైగా పది రోజుల్లో లోపం కనబడితే మార్చి ఇస్తారట. ఎవరి వెంటా పడక్కర్లేదు, ఎవరి మొహమూ చూడక్కర్లేదు. అదే నాకు నచ్చింది. నాకు సెలవుండే ఆదివారం డెలివరీ వచ్చేలా చూసి ఆర్డర్ పెట్టాను.

ఆదివారమంతా గుమ్మంలోనే కూర్చున్నాను. ఎవరూ రాలేదు. వచ్చింది సోమవారం. మా ఫ్యాక్టరీలో ఫోన్లు గేటు దగ్గరే లాకర్లో పెట్టి లోపలికి వెళ్ళాలి. సాయంత్రం తీసి చూస్తే నాలుగు మిస్డ్ కాల్స్, "కస్టమర్ అందుబాటులో లేరు" అని ఒక మెసేజ్. మంగళవారం కూడా అదే కథ. మూడో రోజు ఆర్డర్ రద్దయింది.

నాకు ఒళ్ళు మండి డెలివరీ అతనికి ఫోన్ చేసి గట్టిగా అడిగాను. "మీ రెండో నంబరుకు గూడ చేసిన మేడం, స్విచాఫ్ వచ్చింది" అన్నాడు. యాప్‌లో ఎప్పుడో పెట్టిన మా ఇంటి అడ్రసు కింద, రెండో నంబరుగా అమ్మ నంబరే ఉండిపోయింది. ఆ ఫోన్ బీరువాలో ఆమె చీరల మధ్య ఉంది.

తర్వాతి ఆదివారం మళ్ళీ షాపుకు వెళ్ళి, ఆదివారం తప్ప ఇంట్లో ఉండనని చెప్పాను. బిల్లు రాస్తూ షాపాయన రెండో నంబరు అడిగాడు.

"లేదు."

"ఇంట్ల ఇంకెవరి నంబరన్న ఇయ్యుండ్రి."

"ఎవరూ లేరు."

ఆయన తలెత్తి చూశాడు. ఆ ఖాళీలో తన నంబరు రాసుకున్నాడు. "మీరు ఎత్తకుంటే నాకు జేస్తరు. ఐతారమే రమ్మంట."

అన్నట్టుగానే ఆ మరుసటి ఆదివారం పొద్దున మిషన్ వచ్చింది, మధ్యాహ్నం కంపెనీ మనిషొచ్చి బిగించి వెళ్ళాడు.

వారం తర్వాత డ్యూటీ దిగి లాకర్ తెరిస్తే షాపాయన మిస్డ్ కాల్ ఉంది. బస్సెక్కి తిరిగి చేశాను.

"కంపెనీ నుంచి ఫోనొచ్చింది మేడం. మీరు ఎత్తలేదంట, నాకు జేసిండ్రు. అంతా మంచిగనే ఉందని చెప్పిన. మంచిగనే ఉన్నది గద?"

ఆయన అడిగింది మిషన్ గురించి. అది నాకు తెలుసు.

"బాగానే ఉంది" అన్నాను. ఆయన ఫోన్ పెట్టేశాడు. నేను మాత్రం ఇంద్రేశం వచ్చేదాకా చెవి దగ్గర నుంచి తీయలేదు.