నలభై ఏడో వరుస

ఆఫీసులో ఆమెకు ‘ఎందుకక్క’ అని పేరు. పెట్టిందెవరో తెలియదు గానీ అతికినట్టు సరిపోయింది. కొత్త సాఫ్ట్‌వేర్ చేయించుకునే వాళ్ల దగ్గరికి వెళ్లి, వాళ్లకేం కావాలో అడిగి, ఒక్కో అవసరానికీ ఒక్కో నంబరు వేసి రాసుకురావడం ఆమె పని. ఎవరైనా ఇది కావాలంటే ఎందుకని అడుగుతుంది. జవాబు చెబితే, అదెందుకని మళ్లీ అడుగుతుంది. అయిదుసార్లు అడిగితే గానీ అసలు సంగతి బయటపడదని కొత్తగా చేరినవాళ్లకు పాఠం చెబుతుంది కూడా. “కూరలో ఉప్పు తక్కువైందంటే ఎంత తక్కువ, ఎంతుంటే సరిపోయినట్టు అని పట్టుకుంటుంది. అందుకే కిమ్మనకుండా తినేస్తా” అంటాడు వాళ్లాయన.

పదిహేనేళ్లుగా అదే పని. ఎవరి మాటనూ తేలిగ్గా తీసుకోదని ఆమెకు మంచి పేరే ఉంది. ఆ పేరు నిలబడినన్నాళ్లూ నిలబడింది.

ఆ ఏడాది ఒక పెద్ద ఆస్పత్రి వంటగది పని వచ్చింది. ఏ రోగికి ఏ భోజనం వెళ్లాలో కంప్యూటరే స్లిప్పులు తీసి ఇవ్వాలి. ఎందుకక్క ముందు వంటగది సూపర్‌వైజర్‌ను కలిసింది. ఆయన బల్ల గుద్ది ఒకటే చెప్పాడు: పంచేవాళ్లు సొంత తెలివి వాడకూడదు, స్లిప్పులో ఉన్నదే ఇవ్వాలి. అది పన్నెండో నంబరయింది. తర్వాత నర్సులతో, ఆహార నిపుణురాలితో మాట్లాడింది. చివరికి, కలవాల్సినవాళ్ల జాబితాలో లేకపోయినా, వార్డుల్లో భోజనాల బండి తోసే ఆవిడ దగ్గర కూర్చుంది. ఆవిణ్ని అందరూ ట్రాలీ పిన్ని అంటారు.

గిన్నెలు కడిగే తొట్టి పక్కన, తడి స్టూలు మీద ఆ ఇంటర్వ్యూ జరిగింది.

“స్లిప్పులు పదకొండింటికి తీస్తారమ్మా. నేను వార్డుకెళ్లేసరికి పన్నెండున్నర. ఈలోపు మనుషుల్ని అటూ ఇటూ మారుస్తారు. స్లిప్పు మీద మంచం నంబరే గానీ పేరుండదు, పదిమందీ చూడకూడదట” అంది పిన్ని.

“మరి ఎలా ఇస్తున్నారు?”

“మొహం చూసి. నిన్న కిటికీ దగ్గరున్నాయన ఇవాళ తలుపు దగ్గరుంటే నాకు తెలీదా? మీ మిషనుకి మొహాలు తెలీవు కదా. స్లిప్పులు వచ్చాక ఎవరైనా మంచం మారితే, పాతది చెల్లదని మాకు కబురందాలి, కొత్తది రావాలి. రాసుకున్నావా?”

“రాసుకున్నా పిన్నీ.”

రాసుకుంది. అదే నలభై ఏడు. ఆ సాయంత్రం ఇంటికెళ్లి, ఇంత ముఖ్యమైన సంగతి గిన్నెల తొట్టి దగ్గర దొరికిందని వాళ్లాయనతో గొప్పగా చెప్పుకుంది.

ఇలాంటి పనులకు చివర్లో ఒక పట్టిక ఉంటుంది. ట్రేసబిలిటీ మ్యాట్రిక్స్ అంటారు. ఎడమవైపు అవసరం, అది ఎవరు చెప్పారో. కుడివైపు దాన్ని ఏ పరీక్షతో సరిచూశారో, ఫలితమేమిటో. కుడివైపు గడి ఖాళీగా ఉందంటే, చెప్పిన మాటను ఎవరూ సరిచూడలేదని అర్థం. ఒప్పజెప్పడానికి రెండు రోజుల ముందు నూట అరవై వరుసల్లో ఒక్కటే ఖాళీ. నలభై ఏడు.

“దానికి ఆస్పత్రిలోనే స్లిప్పులు తీసి, ఆ తర్వాత మంచం మార్చి చూడాలక్కా. మన దగ్గర వాళ్ల ప్రింటర్ లేదు. నాలుగు రోజులు పడుతుంది” అంది టెస్టింగ్ అమ్మాయి.

“ఖాళీ గడితో నేను వాళ్ల ముందుకెళ్లలేను” అన్నాడు మేనేజరు. “నువ్వే ఏదో చూడు.”

ఎందుకక్క చూసింది. నూట పన్నెండో పరీక్ష కనబడింది: మంచం మారిస్తే తెర మీద కొత్త నంబరు రావాలి. అది ఎప్పుడో పాసయింది. తెర వేరు, ఒకసారి అచ్చయి ట్రే మీదికెక్కిన స్లిప్పు వేరు. ఆ తేడా ఆమెకు తెలిసినంత బాగా ఇంకెవరికీ తెలియదు. అయినా ఖాళీ గడిలో 112 అని కొట్టింది. గడి ఆకుపచ్చగా మారింది, పట్టిక నూటికి నూరయింది. అబద్ధమేమీ రాయలేదు, రెండూ మంచం మారడం గురించే కదా అని తనకు తాను సర్దిచెప్పుకుంది. మసిపూసి మారేడుకాయ చేయడమంటే అదే.

ఆస్పత్రిలో సాఫ్ట్‌వేర్ మొదలైన మూడు వారాలకు, గొంతు ఆపరేషనైన ఒక పెద్దాయన్ని పదకొండున్నరకు తొమ్మిదో నంబరు మంచానికి మార్చారు. ఆయన జావ తప్ప మింగకూడదు. తొమ్మిదో నంబరు స్లిప్పు అంతకుముందున్న రోగిది, మామూలు భోజనం. పిన్ని స్లిప్పు చూసి ట్రే పెట్టింది. రెండో ముద్దకే పెద్దాయనకు ఊపిరాడలేదు. నర్సు పరుగెత్తుకొచ్చింది కాబట్టి ప్రాణం దక్కింది. పిన్నిని పనిలోంచి ఆపేశారు.

విచారణ గదిలో మేనేజరు పట్టికను గోడ మీద పెద్దదిగా చూపించాడు. “నలభై ఏడు. పరీక్షించాం, పాసయింది. సాఫ్ట్‌వేర్‌లో లోపం లేదు. పొరపాటు మనిషిదే.”

తలుపు దగ్గర కుర్చీలో పిన్ని చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఆ వరుస తను చెప్పిన మాటేనని ఆవిడకు తెలియదు. ‘ఎవరు చెప్పారు’ అన్న గడిలో ‘వంటగది విభాగం’ అని ఉంది మరి. ఎవరూ తనవైపు చూడకపోయినా, గుమ్మడికాయ దొంగలా ఎందుకక్క భుజాలు తడుముకుంది. ఈవిడ చెప్పిన మాటతోనే ఈవిడ నోరు నొక్కుతున్నాం అనుకుంది. సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది.

“ఆ నూట పన్నెండు ఒకసారి తెరవండి” అంది లేచి.

మేనేజరు కళ్లతోనే వద్దన్నాడు.

“అది తెరను చూస్తుంది. స్లిప్పును చూడదు. నలభై ఏడును మేం పరీక్షించనే లేదు. ఖాళీ కనబడకూడదని ఆ నంబరు నేనే పెట్టాను. ఆ మాట చెప్పింది కూడా విభాగం కాదు, ఆ కూర్చున్నావిడ.”

ఆ మధ్యాహ్నమే పిన్నిని తిరిగి పనిలోకి తీసుకున్నారు. సాఫ్ట్‌వేర్ ఆపేశారు. మేనేజరు ఎందుకక్కతో మాట్లాడటం మానేశాడు. అదేమీ ఆమెకు పెద్ద బాధ అనిపించలేదు.

మర్నాడు గిన్నెల తొట్టి దగ్గరికెళ్లింది. “తప్పు నాదే పిన్నీ” అంది.

పిన్ని గిన్నె కడగడం ఆపలేదు. “ఎందుకమ్మా అలా చేశావు?”

“గడి ఖాళీగా ఉంటే పని ఆగిపోతుందని.”

“ఆగితే ఏం? ఎందుకాగకూడదు?”

తన పాఠమే తనకు ఎదురొచ్చింది. నిజం దానంతటదే బయటికొచ్చింది. “మీరున్నారుగా అనుకున్నా. మిషను తప్పినా మీరు మొహం చూసి ఇస్తారులే అనుకున్నా.”

పిన్ని చేయి ఆగింది.

“మొహం చూడొద్దన్నారు కదమ్మా. మీ మిషను వచ్చాక స్లిప్పులో ఉన్నదే పెట్టాలని సూపర్‌వైజర్ కాగితం అంటించాడు. అదుగో, ఆ గోడకి. ఆ పెద్దాయన నాకు తెలుసు. మంచం మారాడని ఆ రోజు నాకు అనిపించింది కూడా. అనిపించినా పెట్టేశా.”

గోడ మీది కాగితంలో వాక్యం ఎందుకక్కదే. సూపర్‌వైజర్ చెబితే పన్నెండో నంబరుగా తను రాసుకున్నదే, అక్షరం పొల్లుపోకుండా. సూపర్‌వైజర్‌ను ఆ రోజు ఆమె ఎందుకని ఒక్కసారి కూడా అడగలేదు.

అలవాటుగా ఆమె చేయి సంచీలోని నోటుపుస్తకం మీదికి వెళ్లింది.

“రాసుకోకు” అంది పిన్ని. “పోయినసారీ రాసుకున్నావు. రేపు పదకొండింటికి రా, స్లిప్పులు తీసే వేళకి. నాతో పాటు బండి తోద్దువుగాని.”