లిదియమ్మ పంపిన ఒక్క పేజీ

లిదియమ్మది ఉదయగిరి. అక్కడి ప్రైవేటు స్కూల్లో మూడో తరగతికి పాఠాలు చెబుతుంది. ఏటా క్రిస్మస్‌కి చర్చిలో పిల్లల చేత నాటకం ఆడించేది కూడా ఆమే. ఎనిమిదేళ్లుగా ఆడిస్తున్నా అదొక పని అని ఆమె అనుకోలేదు, ఊళ్లో వాళ్లూ అనుకోలేదు. ఉద్యోగానికి దరఖాస్తు టైపు చేయించుకోవడానికి మా షాపుకి వచ్చినప్పుడు కూడా ఆ నాటకం సంగతి చెప్పలేదు.

నాది ఆత్మకూరు బస్టాండు దగ్గర డీటీపీ షాపు. అంతకుముందు ముప్పయ్యేళ్లు ఆర్డీవో ఆఫీసు బయట టైపు మిషను పెట్టుకుని అర్జీలు కొట్టాను. ఎవరి కష్టాన్నైనా ఒక పేజీలోకి కుదించడం నా వృత్తి. రెండో పేజీ తిప్పే ఆఫీసర్ని నేను చూడలేదు. అందుకే సాగదీసి చెప్పేవాళ్లంటే నాకు ఒళ్లుమంట. ఉదయగిరిలో డీటీపీ షాపులు లేక కాదు, తెలిసినవాళ్ల కంట పడకూడదని లిదియమ్మ ఇంతదూరం బస్సెక్కి వచ్చింది.

హైదరాబాదులో ఒక సినిమా నిర్మాణ సంస్థకి జూనియర్ అసిస్టెంట్ డైరెక్టర్లు ఇద్దరు కావాలట. ప్రకటన ఫోన్లో చూపించింది. ఒక కవర్ లెటరు, ఒకే పేజీలో సొంత కథతో కాన్సెప్ట్ నోటు పంపాలి. నోటులో ముందు రెండు వాక్యాల్లో కథ సారం, తర్వాత ముగింపు దాచకుండా కథంతా, చివర ఈ కథ మీరే ఎందుకు చెప్పాలో రాయాలి. రెండూ కలిపి ఒక్క పీడీఎఫ్‌గా మెయిల్ చేయాలి. వయసు ఇరవై ఎనిమిది దాటకూడదు.

"వచ్చే నెలకి నాకు ఇరవై ఎనిమిది నిండతాయి సార్. ఇది పోతే ఇంక అయిపోయినట్టే," అంది.

కవర్ లెటరు చదివాను. చిన్నప్పటి నుంచి సినిమా అంటే ప్రాణమనీ, అనుభవం లేకపోయినా కష్టపడతాననీ, దయచేసి ఒక్క అవకాశం ఇప్పించమనీ రాసుకొచ్చింది.

"ఇది పింఛను అర్జీ అమ్మాయ్," అన్నాను. "వాళ్లు జాలిపడి ఉద్యోగమిస్తారా? ప్రకటనలో పనులు రాసినారు చూడు. షాటుకీ షాటుకీ బట్టలూ సామానూ మారకుండా కంటిన్యుటీ చూసుకోవాలంట. జూనియర్ ఆర్టిస్టుల్ని వేళకి సెట్టు మీదకి తేవాలంట. ఇట్టాంటివి నువ్వెప్పుడన్నా చేసినావా?"

అప్పుడు చెప్పింది నాటకం సంగతి. నలభై ముగ్గురు పిల్లలు. శనివారం ఉదయగిరిలో ఆడి, ఆదివారం ఇంకో ఊళ్లో ఆడతారు. గొర్రెల కాపరి దుప్పటి మొదటిరోజు ఏ భుజాన ఉందో రెండోరోజూ ఆ భుజానే ఉండాలని ప్రతి పిల్లాడికీ ఫోటో తీసి నోటుబుక్కులో అంటిస్తుందట.

"ఎనిమిదేళ్ల నుంచి ఆ పనే చేస్తా, అనుభవం లేదని రాస్తే ఏందమ్మా?" అని నాకు కోపమే వచ్చింది. ప్రాణం, దయ, అవకాశం మూడూ కొట్టేసి, ఆ నోటుబుక్కు సంగతి పెట్టించాను. కవర్ లెటరు పది వాక్యాల్లో తెమిలింది.

కాన్సెప్ట్ నోటు దగ్గర ఆగాం. వాళ్ల ఇంట్లో చెప్పుకునే కథే అది. నూట యాభై ఏళ్ల కిందటి ధాత కరువులో ఉదయగిరి కొండ కింద సర్కారు గంజి దొడ్డి పెట్టింది. ఆకలిగొన్నవాళ్లకి గంజి కాచి పోసే చోటు. అక్కడ గంజి పోసే పని లిదియమ్మ పూర్వీకురాలు నాగులమ్మది. ఆమె తన బిడ్డ శీనమ్మనీ, ఊరినీ ఒక్కలాగే చూసి అందరినీ బతికించిందని ముగింపు.

"నమ్మబుద్ధి కాలా," అన్నాను. "నా దగ్గరికొచ్చే అర్జీదారు ఏదన్నా దాస్తే చివరి పేరాలో తెలిసిపోతాది. ఇందులోనూ ఏదో దాచినారు."

లిదియమ్మ ముఖం మాడ్చుకుని వెళ్లిపోయింది. ఇంక రాదనుకున్నాను.

పై శనివారం వచ్చింది. గడువు ఆ రోజు సాయంత్రం ఐదింటిదాకా ఉంది. వాళ్ల అవ్వ రెబెకమ్మకి ఎనభై అయిదేళ్లు. ఆ శీనమ్మ ముసలిదయ్యాక ఆమె నోటి నుంచే ఈ కథ విన్న మనిషి. లిదియమ్మ వారం రోజులు వదలకుండా అడిగితే చివరికి చెప్పిందట. నాగులమ్మ గరిటె అడుగుదాకా ముంచి తన బిడ్డకి చిక్కటి గంజి పోసేది. మిగతావాళ్లకి పైతేట. పక్కింటి పిల్లాడు రోజూ ఆ తేటే తాగి పది రోజుల్లో చచ్చిపోయాడు. వాడి తల్లి ఆ గరిటె పోకడ రోజూ చూసింది. ఒక్క మాట అనలేదు. బతికినన్నాళ్లూ ఆ ఇద్దరూ పక్కపక్క ఇళ్లలోనే ఉన్నారు.

"ఇది పంపిస్తే మావాళ్ల పరువు పోతాది. పంపకపోతే ఉద్యోగం పోతాది," అంది లిదియమ్మ. "అవ్వని అడిగితే, రాసుకో, పంపేముందు ఒకసారి నాకు చదివి వినిపించు అనింది."

టైపు చేశాను. కథ చివర్లో లిదియమ్మ, ఆ రోజుల్లో ఏ తల్లైనా అదే చేసేదనీ, నాగులమ్మని తప్పుపట్టడం మనకి తగదనీ మూడు లైన్లు రాసుకొచ్చింది. అవీ చేరాక పేజీ అడుగుదాకా నిండిపోయింది. అవ్వకి ఫోను కలిపి స్పీకర్లో పెట్టి నెమ్మదిగా చదివింది.

అంతా విని అవ్వ అడిగింది, "ఆ పిలగాడి పేరు రాయలేదేమే?"

"పేరు నువ్వు చెప్పలేదు గదవ్వా."

"పిచ్చయ్య. ముందు పుట్టిన ముగ్గురూ నిలవకపోతే, వీడన్నా నిలవాలని ఆ పేరు పెట్టుకునింది వాళ్లమ్మ. మా శీనమ్మవ్వ పొయ్యేదాకా ఆ పేరు తలుచుకునేది. అది రాయి."

రాయడానికి చోటు లేదు. ఫాంటు తగ్గించమంది లిదియమ్మ. ఒప్పుకోలేదు నేను. పన్నెండు పాయింట్ల కంటే చిన్నగా ఉంటే చదివేవాడికి విసుగు. నాగులమ్మని వెనకేసుకొచ్చిన మూడు లైన్లు తీస్తేనే పిచ్చయ్య పేరూ, వాళ్లమ్మ ఆ పేరెందుకు పెట్టుకుందో ఆ సంగతీ పడతాయి. నాలుగున్నర దాటింది. నేనైతే ఆ మూడు లైన్లే ఉంచమన్నాను. ఇంటి పరువు కాపాడటానికి మిగిలింది అదొక్కటే మరి.

లిదియమ్మ కీబోర్డు తన వైపు లాక్కుని ఆ మూడు లైన్లు తనే చెరిపేసింది. ఐదుకి పది నిమిషాల ముందు మెయిల్ వెళ్లింది.

పన్నెండో రోజు వీడియో కాల్లో ఇంటర్వ్యూ చేశారు. ఆ కథ సినిమా తీస్తామని వాళ్లేమీ అనలేదు. అలాంటి నోటు మనిషి తీరు చూడటానికే అడుగుతారట. నోటుబుక్కు చూపించమన్నారు, చూపించింది. తర్వాత ఒకాయన, నాగులమ్మ ఎందుకలా చేసిందో ఒక్క ముక్కైనా రాయలేదేమని అడిగాడట.

"రాసినాను సార్. పిలగాడి పేరుకి చోటు చాలక తీసేసినాను," అని చెప్పిందట.

మూడు నెలలు చూసి ఖాయం చేస్తామని తీసుకున్నారు. హైదరాబాదు వెళ్తూ బస్సు మారడానికి ఆత్మకూరులో దిగి, ఇదంతా నాకు చెప్పి పోయింది. నాకు సంతోషమేసింది, దాంతోపాటు సిగ్గూ వేసింది. ఆ ముప్పయ్యేళ్లూ అర్జీ పేజీ దాటినప్పుడల్లా నేను కొట్టేసింది చనిపోయినవాళ్ల పేర్లే.