ఎర్రిస్వామి తీసిన పాపిడి

ఎర్రిస్వామికి ముప్పై దాటకముందే బట్టతల వచ్చేసింది. అలాంటి మనిషి ఇరవై ఏళ్లపాటు ఒక కిటికీ పక్కన కూర్చుని ఊళ్లోవాళ్ల తలలకు వెంట్రుకలు మొలిపించాడంటే నవ్వు రాక మరేమొస్తుంది? ఆయన భార్య నల్లమ్మ అయితే ఆ మాట ఎత్తి రోజుకోసారైనా నవ్వేది. "అందరికీ పంచి పెట్టి నీకు మిగుల్చుకోలేదే," అనేది. ఆయనా నవ్వేవాడు.

పుట్టింది కంబదూరు పక్క పల్లెలో. వరుసగా మూడేళ్లు వాన మొహం చాటేస్తే అనంతపురం వచ్చి, అంగళ్లకు బోర్డులు రాసి కడుపు నింపుకున్నాడు. ఆ చేతివాటం చూసి దివాకర్ అనే ఆయన తన ఫోటో స్టూడియోలో పెట్టుకున్నాడు. ఫోటో తీయడం దివాకర్ పని. తీసిన ఫోటోలో మచ్చలు మాపి, మొహం తేటగా చేసి, తల సరిదిద్దడం ఎర్రిస్వామి పని. దాన్ని రీటచింగ్ అనేవాళ్లు. మొహాలు దిద్దేవాళ్లు ఆ చుట్టుపక్కల ఇంకా ఉన్నారు కానీ, తల విషయంలో ఎర్రిస్వామిని మించినవాడు లేడు. ఇది నేను ఊరికే పొగిడే మాట కాదు.

తల దిద్దే పని ఎంతకీ తెగకపోవడానికి కారణం మన జనమే. ఫోటో దిగాలంటే చాలు, ఇంట్లో ఉన్న నూనె అంతా నెత్తిన గుమ్మరించుకుని వచ్చేవాళ్లు. నూనె లేని తల కనపడితే ఆ ఇంట్లో పట్టించుకునే ఆడదిక్కు లేదనుకుంటారని భయం. స్టూడియో దీపాల కింద ఆ తల ఎట్లా ఉంటుందో వాళ్లకేం తెలుసు? వెంట్రుకలు బుర్రకు అంటుకుపోయి, మధ్యమధ్య తెల్లటి మెరుపులు పడి, పాపిడి ఎక్కడుందో వెతుక్కోవలసి వచ్చేది.

డెబ్భై ఆరులో ధర్మవరం నుంచి ఓబమ్మ అనే ఆమె తన కొడుకును వెంటబెట్టుకుని వచ్చింది. కొడుకు పేరు జయరాముడు, పట్టుచీరలు నేసే మనిషి, ఇరవై తొమ్మిదేళ్లు. ధర్మవరంలో తీయించిన ఫోటో పంపితే రెండు సంబంధాలు తప్పిపోయాయి. మూడోది పామిడిలో ఉంది. ఈసారీ తప్పితే ఇక పెళ్లి మాట ఎత్తనని కొడుకు ఒట్టు పెట్టాడట. ఆమె మాటలు వింటూ ఎర్రిస్వామి జయరాముడి తల చూశాడు. ఆముదం. దట్టంగా పట్టించి, వెనక్కి దువ్వి, అరచేత్తో అదిమినట్టుంది.

"పెద్దమ్మా, ఇంత ఆముదం యాల పెట్టినావు?" అన్నాడు ఎర్రిస్వామి.

"పెట్టకపోతే కసువు మాదిరి లేస్తాదప్పా. నీటుగా ఉండాలని నేనే పెట్టినా," అంది ఓబమ్మ. "నువ్వు తలలు బాగా చేస్తావంటనే, దానికే ఇంత దూరం వచ్చినాము."

తల కడిగి రమ్మందామంటే ఆముదం ఒక కడుగుకు పోదు, సాయంత్రం రైలుకు వాళ్లు వెళ్లాలి. దివాకర్ ఫోటో తీసేశాడు. మూడు రోజుల తరువాత పెద్ద సైజు మ్యాట్ కాగితం మీద వేసి, ఎర్రిస్వామి బల్ల మీద పెట్టాడు. నున్నటి కాగితం మీద రంగు నిలవదు, అందుకని మ్యాట్. పెద్దది చేయడం ఎందుకంటే, దాని మీద పని చేసి, మళ్లీ దాన్ని ఫోటో తీసి చిన్న కాపీలు వేస్తే, గీసిన గీతలు కంటికి పట్టుబడవు.

కొత్తగా నేర్చుకునేవాడెవడైనా వెంటనే ఒక్కొక్క వెంట్రుకా గీయడం మొదలెడతాడు. అది ఎర్రిస్వామికి చూస్తేనే ఒళ్లు మండేది. ఆయన ముందు పలచటి నల్లరంగు నీళ్లలో కలిపి, నూనె మెరుపుల మీద పొర పైన పొర వేసి వాటిని అణిచాడు. తల అంతా ఒక్క ముద్దగా అయ్యాక, నడినెత్తి మీద అంచును కొంచెం, చిటికెడంత, పైకి లేపాడు. ఎక్కువ లేపితే టోపీ పెట్టినట్టుంటుంది. ఆ అంచును గీతగా వదలకుండా వెనక గోడ రంగులోకి మెత్తగా కలిపాడు. అప్పుడు సన్నకుంచె తీశాడు. కుదురు దగ్గర ఆనించి, వెంట్రుక పోయే దారినే లాగి, చివర చేయి తేల్చేశాడు. కుదురు దగ్గర ముదురు, చివర పలచన. అన్నీ ఒకే లావు ఉండకూడదు, అన్నీ ఒకే వైపు పడకూడదు. తల గుండ్రంగా తిరిగేచోట బ్లేడు మొనతో కాగితాన్ని చాలా తేలిగ్గా గీరి, వెడల్పాటి వెలుగు ఒకటి తెచ్చాడు. చెదిరిపోయిన పది మెరుపులు ఉన్నచోట ఒక్క మెత్తటి మెరుపు ఉంటే చాలు, తల కడిగి ఆరబెట్టినట్టు కనపడుతుంది.

ఇక పాపిడి. పాపిడి అంటే తెల్లగీత కాదు. నుదుటి దగ్గర కొంచెం వెడల్పుగా మొదలై, తల వంపు వెంట వెనక్కి పోయేకొద్దీ సన్నబడాలి. రంగు చర్మానిదే ఉండాలి. దాని రెండు పక్కలా కుదుళ్లు ముదురుగా పడితేనే వెంట్రుకలు అక్కడినుంచి లేచినట్టుంటుంది. ఆఖరున రెండు సన్న వెంట్రుకలు పాపిడికి అడ్డం పడేట్టు వేసేవాడు. మరీ శుభ్రంగా ఉంటే గీసినట్టు తెలిసిపోతుందని ఆయన లెక్క. ఆ రెండు వెంట్రుకలు ఆయన సంతకం లాంటివి.

అయితే జయరాముడి పాపిడి ఏ పక్కది? ఆముదం పెట్టి వెనక్కి దువ్వేసిన తలలో ఆనవాలే లేదు. ఓబమ్మను అడిగి ఉండాల్సింది, అడగలేదు. వెలుతురు పడిన పక్క పాపిడి తీస్తే, అవతలి పక్క జుట్టు ఎత్తుగా కనపడుతుంది కదా అని కుడివైపు తీసేశాడు. పని బాగా కుదిరిందని ఆ రోజు ఇంటికి ఈల వేసుకుంటూ పోయాడు.

కాపీలు పామిడికి వెళ్లాయి. పదిరోజులు తిరగకముందే ఓబమ్మ, జయరాముడు మళ్లీ స్టూడియోకు వచ్చారు. ఆమె మొహం వెలిగిపోతూ ఉంది. "చూసేదానికి రమ్మన్నారప్పా. ఇదిగో, పిల్ల ఫోటో గూడా పంపినారు. పేరు లక్ష్మీదేవమ్మ. తల చూడు ఎంత ఒత్తుగా ఉండాదో," అని చేతిలో పెట్టింది.

ఎర్రిస్వామి చూశాడు. పిల్ల నడి పాపిడికి అడ్డంగా రెండు సన్న వెంట్రుకలు. అప్పుడు గుర్తొచ్చింది. ఎండాకాలంలో ఎవరో తండ్రి స్టూడియోకు తెచ్చిన పిల్ల, పలచటి జుట్టు, కొబ్బరినూనె కారుతూ ఉంది. ఫోటోలో ఆ జుట్టును తానే లేపాడు. అయితే ఒక తల రహస్యం ఇంకో తలకు చెప్పడం ఈ వృత్తిలో ఉండదు. "బాగుండాది పెద్దమ్మా," అని తిరిగి ఇచ్చేశాడు.

జయరాముడు మాత్రం దిగులుగా ఉన్నాడు. తల్లి దివాకర్‌తో మాట్లాడుతుండగా లోపలికి వచ్చాడు. "అన్నా, ఆదివారం పోవల్ల. ఆ ఫోటోలో ఉండే తల నాకు యాడుండాది? ఆడ నలుగురి ముందర నగుబాటవుతాది. అట్లే దువ్వియ్యన్నా," అన్నాడు.

ఎర్రిస్వామి అతన్ని ఇంటికి తీసుకుపోయాడు. నల్లమ్మ శీకాయ ఉడకేసింది. మూడుసార్లు రుద్దితే గానీ ఆముదం వదల్లేదు. ఆరాక దువ్వెన పట్టి, తాను గీసినట్టే కుడివైపు పాపిడి తీశాడు. తీసినంతసేపే ఉంది. నడినెత్తి మీద సుడి ఒకటి ఉంది, అది వెంట్రుకలను తన దారిన తిప్పేస్తోంది. జుట్టు నిక్కపొడుచుకుని నిలబడింది. ఎడమవైపు తీస్తే బుద్ధిగా పడుకుంది. అప్పుడు అర్థమైంది ఎర్రిస్వామికి, కాగితం మీద తాను చేసిన తప్పేమిటో. నల్లమ్మ కూడా నవ్వలేదు.

"నీ తల నీ ఇష్టప్రకారమే ఉండనీ. నూనె పెట్టొద్దు. ఎడమపక్కే దువ్వుకొనిపో. నేనూ వస్తాండా," అన్నాడు. ఈ సంబంధం తప్పితే తన కుంచె వల్లే తప్పినట్టు. ఇంట్లో ఎలా కూర్చుంటాడు?

ఆదివారం తల్లీకొడుకులతో కలిసి ఎర్రిస్వామి పామిడి పోయాడు. పిల్ల తండ్రి హనుమంతప్ప వాళ్లను కూర్చోబెట్టి, మజ్జిగ ఇచ్చి, జయరాముడి మొహం చూశాడు. జేబులోనుంచి ఫోటో తీసి చూశాడు. మళ్లీ మొహం చూశాడు.

"ఏమప్పా, ఫోటోలో పాపిడి ఈ పక్కుండాది, నీకు ఆ పక్కుండాది. జుట్టు గూడా ఇంత లేదే. ఈ ఫోటో నీదేనా, నీ అన్నదా?"

ఓబమ్మ మొహం పాలిపోయింది. జయరాముడు తల వంచుకున్నాడు. ఎర్రిస్వామి నాలుక చివర ఒక మాట సిద్ధంగా ఉంది. నెగటివ్ తిరగేసి వేయడంతో కుడి ఎడమలు మారాయని చెబితే చాలు, స్టూడియోలో అలా జరుగుతుందని ఎవరైనా నమ్ముతారు. చెప్పబోయి జయరాముడి వైపు చూశాడు. ఆ అబద్ధం మీద ఈ మనిషి జీవితమంతా కాపురం చేయాలి కదా అనిపించింది.

"ఫోటో ఆయప్పదే అన్నా. తల నాది," అన్నాడు. "ఆముదం పెట్టుకోనొచ్చినాడు, నేను రంగేసి జుట్టు లేపినా. పాపిడి ఏ పక్కో అడక్కుండా తీసినా. తప్పు నాది. పిల్లోడు ఒక్క అబద్ధం గూడా చెప్పలా."

హనుమంతప్ప ఫోటోను అరుగు మీద పెట్టేశాడు. ఇక లేచి పోవడమే మిగిలిందని ఎర్రిస్వామి అనుకున్నాడు. అప్పుడు తలుపు పక్కన నిలబడి ఉన్న పిల్ల ముందుకు వచ్చింది. పలచటి జడ, నూనె పెట్టి అణిచిన తల. తండ్రితోనే మాట్లాడింది.

"నాయనా, నా ఫోటోలో తల గూడా ఈయప్ప గీసిందే గదా. నువ్వే దుడ్లిచ్చి గీపిచ్చినావు. పదిరోజుల నుంచి నాకు నిద్రల్యా, వచ్చినోళ్లు నన్ను జూసి ఏమంటారో అని."

హనుమంతప్ప కూతురి వైపు, ఎర్రిస్వామి బట్టతల వైపు చూశాడు. ముందు నవ్వింది ఓబమ్మ. తరువాత ఇల్లంతా నవ్వింది. జయరాముడు తలెత్తి ఆ పిల్లను సరిగ్గా చూసింది అప్పుడే. ఆమె కూడా చూసింది. ముహూర్తం ఆ సాయంత్రమే పెట్టుకున్నారు.

పెళ్లయిన వారానికి ఇద్దరూ స్టూడియోకు వచ్చారు. జంటగా కూర్చుని ఫోటో దిగారు. దివాకర్ అలవాటు కొద్దీ, "పెద్దది వేసి ఎర్రిస్వామికిస్తా, తలలు బాగు చేస్తాడు," అన్నాడు.

"వద్దన్నా," అంది లక్ష్మీదేవమ్మ. "మమ్మల్ని మా మాదిరే ఉండనీ."

తెర వెనక ఎర్రిస్వామి ఆ మాట విన్నాడు. చేసిన ఏ పనికీ రాని తృప్తి చేయకుండా వదిలిన ఈ పనికి వచ్చింది. కుంచె కడిగి, ఆ రోజు మామూలు కంటే ముందుగానే ఇంటికి బయలుదేరాడు, నల్లమ్మకు ఈ సంగతి చెప్పాలని.