రెండున్నర పిడికిళ్ల సూర్యుడు

"లైట్ ఆర్పెయ్యి తల్లీ. నేను చూడ్డానికొచ్చింది బల్బుని కాదు" అంది జోసఫిన్ ఆంటీ.

లీజింగ్ ఆఫీసులో పనిచేసే ఇషా నవ్వుతూ స్విచ్ నొక్కింది. ఖాళీ ఫ్లాటు తన సొంత వెలుతురులోకి మెల్లగా వచ్చింది.

నేపర్‌విల్‌లో అక్టోబరు చివరి శనివారం అది. ఆంటీ ఆసుపత్రి ల్యాబులో ముప్ఫయ్యేళ్లు పనిచేసి రిటైరైంది. మోకాళ్ల ఆపరేషన్ తర్వాత మెట్లిల్లు అమ్మేసింది. లిఫ్టున్న ఈ కాంప్లెక్సులో రెండో అంతస్తులో మూడు ఫ్లాట్లు ఖాళీ: తూర్పు ఒకటి, దక్షిణం ఒకటి, పడమర ఒకటి. సాయంత్రం ఐదు లోపల ఏదో ఒకటి చెప్పాలి. కారు నాది, సెలవూ నాదే.

వెతుకులాటంతా ఆంటీ కుండీలో పెంచే కరివేపాకు చెట్టు కోసం. మా తెలుగు చర్చిలో పోపు పెట్టే ప్రతి ఇంటికీ ఆ చెట్టు రెబ్బ అందింది. పోయిన చలికాలం ఆపరేషనప్పుడు ఎవరింట్లోనో మసక గదిలో పెడితే ఒక్క ఆకు మిగల్లేదు. మే నెల దాకా అది ఉత్త పుల్లే. ఇప్పుడు మళ్లీ ఆకేసి మా ఇంటి వరండాలో ఉంది.

"ఇంకో చీకటి చలికాలం ఓర్చుకోదే అమ్మాయ్" అంది ఆంటీ కార్లో.

తొమ్మిదింటికి తూర్పు ఫ్లాటు. ఆంటీ గాజు తలుపు లోపల నేలమీద చర్చి కరపత్రం బోర్లించింది. దాని తెల్లటి వెనకవైపుకి జానెడుపైన చెయ్యి చాపింది. నీడ పడింది గానీ వేళ్ల అంచులు పాలలో కలిసినట్టు మెత్తగా ఉన్నాయి. ఎదురుగా రెండు స్ప్రూస్ చెట్లు.

"వేళ్లు విడివిడిగా కోసినట్టు కనబడితే గట్టి ఎండ. ఇలా అలుక్కుపోతే వడకట్టిన ఎండ. ఆకారమే లేకపోతే చీకటికి చుట్టం. ఈ చెట్లు చలికాలంలోనూ ఆకు రాల్చవు. పదకొండు దాటితే ఈ కాస్తా ఉండదు."

అన్నదే గానీ అక్కణ్ణుంచి కదల్లేదు. గోడమీద ఆకుల నీడలు ఈదుతున్నాయి. "ఇక్కడ కూర్చుని కాఫీ తాగితే రోజంతా పొద్దున్నే అనిపిస్తుంది" అంది, ఎవరితోనో కాదు.

పన్నెండున్నరకి దక్షిణం. గది నిండా ఎండ! కాగితంమీద వేళ్లు, ఉంగరంతో సహా, గీసినట్టు పడ్డాయి.

"అందరూ సౌతే అడుగుతారు ఆంటీ. దిస్ ఈజ్ ద బెస్ట్" అంది ఇషా.

నేనూ సంబరపడ్డాను. ఆంటీ మాత్రం నా భుజం పట్టుకుని చెట్టు ఎత్తుకి, అంటే నేలమీదికి, దిగి కూర్చుంది. చెయ్యి బారుగా చాపి, ఎదురుగా ఉన్న నాలుగంతస్తుల భవనం మీద తన కంటికి సమమైన చోటు నుంచి పిడికిలి మీద పిడికిలి పేర్చింది. కప్పు అంచుకి మూడు. ఇంకో అర పిడికిలి పైన, వేళ్ల నీడ కంటిమీద పడింది.

"సూర్యుణ్ణి చూడక్కర్లేదు, నీడ పడితే అక్కడున్నట్టే. ఇవాళ మూడున్నర పిడికిళ్లు. మా పాతింట్లో ఏటా క్రిస్మస్ ఆరాధన నుంచి రాగానే కొలిచేదాన్ని. ఆ రోజుల్లో మిట్టమధ్యాహ్నం కూడా రెండున్నర పిడికిళ్లు దాటడు. మరి కప్పు మూడు దగ్గరుంది. అంటే?"

"కప్పు వెనకే ఉండిపోతాడు" అన్నాను.

"చెట్టుకి ఎండ కావాల్సిన నెలల్లోనే. ఇవాళ్టి వెలుగు చూసి మురిసిపోతే అంతే సంగతులు."

ఇషా కూడా కూర్చుని తన పిడికిళ్లు పేర్చి చూసుకుంది. "వావ్ ఆంటీ! నాకు ఎవరూ చెప్పలేదు."

"చెప్తే నువ్వు అద్దెకెలా ఇస్తావే!"

నాలుగింటికి పడమర. అందమనేదే లేదు. ముందు పార్కింగు, ఏసీ యంత్రాల రొద. అడ్డుగా చెట్టు లేదు, భవనం లేదు. బాల్కనీ దక్షిణం పక్క గోడ కూడా లేదు, ఊచలే. కాగితంమీద అయిదు వేళ్లూ నల్లగా, స్పష్టంగా. బాల్కనీ చెక్కలు గోడ దగ్గర గోధుమరంగు, అంచు వైపు ఎండకి బూడిదరంగు. ఆంటీ ఆ అంచుని కాలితో తడిమింది.

"ఎన్ని వేసవులు తిన్నదో ఇది. చలికాలం సూర్యుడు నైరుతి నుంచి ఏటవాలుగా రెండు మూడు గంటలైనా వస్తాడు. వేసవి సెగ కరివేపాకుకి ప్రాణం. సున్నితమైన మొక్కలైతే మాడతాయి. నేనూ మాడతాననుకో."

"తూర్పుది మీకు నచ్చిందిగా ఆంటీ?" అన్నాను.

ఆవిడ పొడుగ్గా సాగిన నీడల్ని చూస్తూ నిలబడింది. పార్కింగులో కార్ల అద్దాలన్నీ ఒక్కొక్కటే రాగిరంగెక్కాయి. గడియారం నాలుగూ ముప్పావు.

"నాకు వెలుగు కావాలంటే తూర్పు వైపు గుమ్మం ముందుకి నడిచెళ్లి కూర్చుంటాను. కొత్త మోకాళ్లున్నాయిగా. చెట్టు నడవలేదు కదా" అంది చివరికి.

ఐదు కాకముందే పడమరది రాయించడానికి ఇషా ఆఫీసు వైపు పరుగెత్తింది. ఆంటీ కరపత్రం మడిచి నా చేతిలో పెట్టింది.

"నువ్వెళ్లి చెట్టుని కార్లో వేసుకురా. రాత్రి చలి పడుతుందంటున్నారు. దార్లో నాకో పల్చటి కర్టెన్ కూడా పట్టుకురా. తెల్లది. చెట్టు వైపు సగం వదిలేసి, నా కుర్చీ వైపే కడదాం."