కోర్టు కంటే ముందు జెట్టీ

గిలకలదిండిలో మూడు బోట్లున్న ఒకాయనకి, బందరు ఐసు ఫ్యాక్టరీ యజమానికి మధ్య సీజనంతటికీ ఐసు ఒప్పందం నేనే రాశాను. వకీలుగా నాకు తిండి పెట్టేవి తగాదాలే అయినా, అందులో తగాదాకి మెట్లు కట్టాను. ఫిర్యాదు కాగితం అందిన ఏడు రోజుల్లో పని చూసేవాళ్లు, అంటే బోటు నడిపే సరంగూ ఫ్యాక్టరీ సూపర్‌వైజరూ, జెట్టీ మీదే కూర్చోవాలి. తేలకపోతే పదిహేను రోజుల్లో యజమానులు కలవాలి. అదీ కుదరకపోతే ఇద్దరికీ నచ్చిన మధ్యవర్తి. కోర్టు ఆ తర్వాతే. అన్నాళ్లూ ఐసు ఆగకూడదు.

“ఇన్ని మెట్లెక్కితే మోకాళ్లు అరుగుతాయండీ,” అంటూ బోటాయన సంతకం పెట్టాడు.

వేట జోరుగా ఉన్నప్పుడు ఆయనే పరుగున వచ్చాడు. కొన్ని ట్రిప్పుల్లో ఐసు సగం నీళ్లవుతోందట, చేప మెత్తబడి వేలంలో ఎవరూ చూడటం లేదట.

“కేసు వేసెయ్యండి.”

“వేస్తే ఎదుటి వకీలు ముందుగా చదివేది మనం రాసుకున్న మెట్లే. వాటి మీదే వాయిదాలు నడుస్తాయి. ఈలోగా సీజను అయిపోతుంది.”

“సరంగుకి ఒప్పందం గురించి ఏం తెలుసండీ?”

“ఐసు గురించి తెలుసు.”

ఫిర్యాదు కాగితం పంపిన నాలుగో రోజు జెట్టీ మీద కూర్చున్నాం. ఫ్యాక్టరీ యజమాని రాలేదు, రానక్కర్లేదు కూడా. బోటాయన మాత్రం ఆగలేక నా వెంటే వచ్చాడు. సూపర్‌వైజరు డెలివరీ చీటీలు తీశాడు. “ఏ రోజుల్లో కరిగిందో చెప్పు బావా.” సరంగు ఒక్కొక్కటే వేరు చేసి పక్కన పెట్టాడు. పెట్టినవన్నీ సోమవారాలే.

“మేం రోజూ ఏడింటికే దించుతున్నాం గదా?”

“దించుతున్నారు. సోమవారం ఏడున్నర నుంచి తొమ్మిదిదాకా రాహుకాలమని మా ఓనరుగారు బోటులోకి ఏమీ ఎక్కించనివ్వరు. పిండి చేసిన ఐసు, ఎండలో కూర్చుని ఏం చేస్తుంది?”

బోటాయన వలలు బాగుచేసే వాళ్లని శ్రద్ధగా చూస్తూ ఉండిపోయాడు. ఈ సంగతి కోర్టులో బయటపడాలంటే నాకెన్ని వాయిదాల ఫీజు వచ్చేదో! మొదటి మెట్టుకే టీల ఖర్చుతో తేలిపోయింది.

సోమవారం లోడు తొమ్మిదికి దించేలా కాగితం రాయబోయాను. “రాహుకాలం వెళ్లాక అని రాయండి,” అన్నాడు బోటాయన. హేతువాద సభల్లో పంచాంగాన్ని ఉతికి ఆరేసిన చేత్తో ఆ మాట రాయనన్నాను. రాయకపోతే సంతకం పెట్టనన్నాడు.

“ఇది కూడా తగాదానే గదండీ,” అన్నాడు సూపర్‌వైజరు. “ఏడు రోజులు ఆగుదామా?”

సరంగు పడీపడీ నవ్వాడు. చివరికి ‘సోమవారం ఉదయం తొమ్మిది దాటాక’ అని రాశాను. బోటాయన రెండుసార్లు చదువుకుని, వాచీ చూసుకుని, పది నిమిషాలాగి సంతకం పెట్టాడు. ఆ పది నిమిషాలు దేనికోసమో నేనూ అడగలేదు.