తోడికోడలి గొంతుకు రేటు

నేను, మా తోడికోడలు కలిసి చేసే వంటలను మా మనుమరాలు వీడియోలు తీసి ఫోన్‌లో పెట్టేది. హన్మకొండలోని ఒక పచ్చళ్ల కంపెనీ మాతో ప్రకటన చేయించుకున్నప్పుడు లెక్క నేనే కట్టాను. మా వీడియోలను సగటున ఎంతమంది చూస్తున్నారో దాన్ని బట్టి పదిహేను వేలు, రెండు రోజుల పనికి ఐదు వేలు, కంపెనీ దాన్ని తన ప్రకటనల్లో ఏడాదిపాటు వాడుకోవడానికి పది వేలు. మొత్తం ముప్పై వేలు.

ఏడు నెలలకే తోడికోడలు చనిపోయింది. ప్రకటన నడుస్తూనే ఉంది.

ఒకరోజు కిరాణా కొట్టులో పప్పు తూయిస్తుంటే, "అక్కా, జర ఉప్పు సూడు" అని వెనక నుంచి ఆమె పిలిచింది. "సరిపోయింది" అన్నాను. తిరిగి చూస్తే గోడ మీద టీవీలో ఆమె పచ్చడి కలుపుతోంది. కొట్టతను తూకం ఆపి నన్నే చూస్తున్నాడు.

గడువు ముగిసే ముందు కంపెనీ మరో ఏడాది వాడుకుంటామని అడిగింది.

"మల్ల షూటింగ్ లేదు, పని లేదు నానమ్మా. ఉత్త వాడుకునే హక్కుకే పదిహేను వేలిస్తరట," అంది మనుమరాలు.

"పోయిన మనిషితోని ఇంకో ఏడాది పిలిపిస్తరా బిడ్డా? వద్దని రాయి."

గడువు తీరిన రోజు కొట్టుకు వెళ్లి చూశాను. టీవీలో ఎవరో సబ్బు అమ్ముతున్నారు. మనసు కుదుటపడింది.

ఆ సాయంత్రం పప్పు దింపుతుంటే మనుమరాలు వంటింటి గడపలోకి వచ్చింది.

"ఎవరితోని మాట్లాడుతున్నవ్ నానమ్మా?"

"ఉప్పు సూడమంటే సరిపోయిందని చెప్పిన," అన్నాను. ఇంట్లో ఇద్దరమే ఉన్నాం.