విధవ అన్న మాట కొట్టేశాక

మిర్యాలగూడలో ఒక రైసుమిల్లు ఆఫీసులో పదేళ్ళుగా పనిచేస్తున్నాను. మాది కోదాడ. నా కోపం ముక్కు మీదే ఉంటుందని మిల్లులో అందరికీ తెలుసు.

నిరుడు మా మేనేజరు పాత సర్వీసు రూల్సు పుస్తకం తెచ్చి నా టేబుల్ మీద పెట్టాడు.

"మేడం, దీంట్ల భాష శానా పాతగుంది. ఆడ, మగ తేడా లేకుండ మంచిగ రాయుండ్రి. మాటలే మార్చాలె. రూలు ఒక్కటి గూడ కదలొద్దు."

"పనివాడు" అన్నచోటల్లా "ఉద్యోగి" అని మార్చాను. అదీ, పాత మాటలో ఆడవాళ్ళు కూడా లెక్కేనా అని ఆయన్ని అడిగి, "మొదటి సంది గట్లనే లెక్క" అన్నాకే. అంత జాగ్రత్త నాది! పన్నెండో రూలు దగ్గరకొచ్చేసరికి మాత్రం ఒళ్ళు మండింది. "పనివాడు చనిపోయిన యెడల అతని విధవకు పని ఇవ్వవలెను. ఆమె వద్దన్నచో మాత్రమే ఇంటిలో వేరొకరికి ఇవ్వవలెను." ఛీ, ఇదేం మాట! రెండు వాక్యాలూ కొట్టేసి, "మరణించిన ఉద్యోగి కుటుంబ సభ్యులలో ఒకరికి పని ఇవ్వాలి" అని రాశాను. ఇంటికెళ్ళి మా ఆయన దగ్గర గొప్పలు కూడా చెప్పుకున్నాను. ఓనరు సంతకం చేశాడు.

రెండు నెలలకు బాయిలర్ దగ్గర పనిచేసే ఒకాయన గుండెపోటుతో పోయాడు. దినాలయ్యాక ఆయన భార్య, ఆయనకు మిల్లులో ఇచ్చిన పాత రూల్సు పుస్తకం పట్టుకొని వేములపల్లి నుంచి వచ్చింది.

"మేడం, మా మరిదిని సోమారం నుంచి పనికి రమ్మన్నరంట. ఇద్దరు పిల్లలతోని నేనెట్ల బతకాలె?"

"మీకే కదమ్మా ఇవ్వాలి!" అంటూ కొత్త పుస్తకం తీశాను. పన్నెండో రూలు చదివాను. నా రాతే. మరిదీ కుటుంబ సభ్యుడే కదా!

"పాతదాంట్ల నన్ను విధవ అన్నరు మేడం. అన్నా, పని నీదే అన్నరు. గిప్పుడు మంచిగ రాసి నా పని గుంజుకున్నరు."

చెంప మీద కొట్టినట్లయింది. నా కోపమంతా ఎక్కడికి పోయిందో! పుస్తకాలు రెండూ పట్టుకొని మేనేజరు గదిలోకి పరిగెత్తాను.

"తప్పు నాది సార్. రూలు కదలొద్దన్నారు, నేను కదిలించాను."

ఆయన రెండూ చదివి తల పట్టుకున్నాడు. "అయ్యో, గిదేంది మేడం! నేను గూడ సూడకనే పంపిన గద." కొత్తగా పనిలోకి తీసుకునేవాళ్ళ జాబితాలోంచి మరిది పేరు తీయించి, ఓనరు దగ్గర కూర్చొని మళ్ళీ రాయించాడు: "మరణించిన ఉద్యోగి జీవిత భాగస్వామికి పని ఇవ్వాలి. వారు వద్దంటేనే కుటుంబంలో వేరొకరికి ఇవ్వాలి."

ఆ కాగితం ఆమెకు చదివి వినిపించాను.

"జీవిత భాగస్వామి అంటే ఎవరు మేడం?"

"మీరేనమ్మా."

ఆమె నన్నే చూసింది. నమ్మలేదు. "గట్లయితే ఆ కాయితం మీద నా పేరు గూడ రాయుండ్రి మేడం. మల్ల ఇంకెవలన్న మంచిగ రాస్తరేమో."